కణరహిత పిండ డీఎన్‌ఏ స్క్రీనింగ్: ట్రైసోమీ పరీక్ష, దాని నిర్ధారణ

గర్భిణి రక్తంలో కణాల బయట తేలుతూ తిరిగే డీఎన్‌ఏ తునకలను లెక్కించి, గర్భంలోని బిడ్డకు ఒక క్రోమోజోము అదనంగా ఉండే అవకాశం ఎంతో అంచనా వేసే రక్త పరీక్షను కణరహిత పిండ డీఎన్‌ఏ స్క్రీనింగ్ అంటారు. ఆసుపత్రుల్లో, లేబొరేటరీల్లో దీన్ని ఎన్‌ఐపీటీ అని పిలుస్తారు. గర్భం పదో వారం నిండాక ఎప్పుడైనా చేయవచ్చు. తల్లి చేతి నరం నుంచి సుమారు 10 మిల్లీలీటర్ల రక్తం తీస్తారు కాబట్టి బిడ్డకు ఏ ముప్పూ ఉండదు. డౌన్ సిండ్రోమ్‌ను పసిగట్టడంలో ఇప్పుడున్న స్క్రీనింగ్ పరీక్షలన్నింటికంటే ఇది మెరుగైనది. అయినా ఇది స్క్రీనింగే, నిర్ధారణ కాదు. ఈ పరీక్ష చూసే డీఎన్‌ఏ నేరుగా బిడ్డది కాదు, మాయది. అది కూడా తల్లి డీఎన్‌ఏతో కలగలిసి ఉంటుంది. ఫలితం ఒక సంఖ్య మామూలు కంటే ఎంత పెరిగిందన్న దాని మీద ఆధారపడుతుంది. పాజిటివ్ ఫలితం తప్పయ్యే సందర్భాలు ఎక్కువగా ఈ మూడు సంగతుల నుంచే పుడతాయి. అందుకే పాజిటివ్ వచ్చినప్పుడు మాయ కణాలనో, ఉమ్మనీటినో నేరుగా పరీక్షించి నిర్ధారించుకోవాలి.

ఏ ట్రైసోమీల కోసం చేస్తారు

మనిషి కణంలో మామూలుగా 23 జతల క్రోమోజోములు, అంటే మొత్తం 46 ఉంటాయి. ఏదైనా ఒక క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంటే ఆ స్థితి ట్రైసోమీ. ఎక్కువ సార్లు ఇది తల్లి అండం తయారయ్యేటప్పుడు జత క్రోమోజోములు సరిగా విడిపోకపోవడం వల్ల వస్తుంది. అందుకే తల్లి వయసు పెరిగేకొద్దీ దీని అవకాశం పెరుగుతుంది. చాలా ట్రైసోమీలలో గర్భం తొలి వారాల్లోనే పోతుంది. పుట్టుక దాకా నిలవగలిగేవి కొన్నే.

వాటిలో ముఖ్యమైనవి మూడు. 21వ క్రోమోజోము మూడుంటే డౌన్ సిండ్రోమ్. దీనికి కారణం అదనపు క్రోమోజోమేనని ఫ్రాన్స్‌లో జెరోమ్ లెజ్యూన్ బృందం 1959లో చూపింది. 18వది మూడుంటే ఎడ్వర్డ్స్ సిండ్రోమ్, 13వది మూడుంటే పటావు సిండ్రోమ్. ఈ రెండింటినీ 1960లో వర్ణించారు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు చాలామంది పెద్దవాళ్లయ్యే దాకా జీవిస్తారు. చివరి రెండు మాత్రం చాలా తీవ్రమైనవి. వాటితో పుట్టిన బిడ్డల్లో ఎక్కువమంది మొదటి ఏడాది దాటరు. ఎన్‌ఐపీటీ ప్రధానంగా ఈ మూడింటి కోసం తయారైంది.

ఎలా పుట్టింది

రక్తద్రవంలో కణాల బయట కూడా డీఎన్‌ఏ ఉంటుందని ఫ్రెంచి శాస్త్రవేత్తలు మాండెల్, మెటే 1948లోనే చెప్పారు. దశాబ్దాల తరబడి దానితో ఎవరికీ పెద్దగా పని పడలేదు. 1996లో కేన్సర్ రోగుల రక్తద్రవంలో కణితి డీఎన్‌ఏ దొరుకుతోందని రెండు పరిశోధన బృందాలు ప్రకటించాయి. అప్పట్లో ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న డెన్నిస్ లో దాన్ని చదివి, గర్భాశయం గోడలోకి చొచ్చుకుపోయి పెరిగే మాయ కూడా తల్లి రక్తంలోకి డీఎన్‌ఏ వదులుతూ ఉండాలని ఊహించారు. మగబిడ్డను మోస్తున్న తల్లి రక్తద్రవంలో వై క్రోమోజోము ఆనవాలు వెతికారు. తల్లికి వై క్రోమోజోము ఉండదు కాబట్టి, అక్కడ అది కనిపిస్తే గర్భం నుంచి వచ్చిందనే అర్థం. మగబిడ్డలను మోస్తున్న 30 మందిలో 24 మంది రక్తద్రవంలో అది దొరికింది. ఈ ఫలితం 1997లో లాన్సెట్ పత్రికలో వెలువడింది.

వై క్రోమోజోమును వెతకడం ఒక ఎత్తు, ట్రైసోమీని కనుక్కోవడం మరో ఎత్తు. 21వ క్రోమోజోము తల్లికీ ఉంటుంది, బిడ్డకీ ఉంటుంది. రెండింటి తునకలూ ఒకేలా కనిపిస్తాయి. వాటిని విడదీయకుండానే, కలిపి లెక్కిస్తే చాలునని 2008లో రెండు బృందాలు విడివిడిగా చూపాయి. ఒకటి స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ క్వేక్ బృందం, రెండోది హాంకాంగ్‌లో డెన్నిస్ లో, రోసా చియు బృందం. 2011లో పరీక్ష మార్కెట్లోకి వచ్చింది. ఈ కృషికి డెన్నిస్ లోకు 2022లో లాస్కర్ పురస్కారం దక్కింది.

రక్తంలోని డీఎన్‌ఏ ఎవరిది

శరీరంలో కణాలు రోజూ చనిపోతుంటాయి. చనిపోయే కణంలోని డీఎన్‌ఏ చిన్న తునకలుగా తెగి రక్తంలో కలుస్తుంది. గర్భిణి రక్తద్రవంలో ఉండే తునకల్లో ఎక్కువ భాగం ఆమె సొంత రక్తకణాల నుంచి వచ్చినవే. మిగిలినవి మాయ పైపొరలోని ట్రోఫోబ్లాస్ట్ కణాల నుంచి వస్తాయి. తల్లి రక్తం ఈ పొరను తాకుతూనే పారుతుంది. అందువల్ల అక్కడ చనిపోయే కణాల తునకలు నేరుగా ఆమె రక్తంలోకి చేరతాయి. పేరులో ‘పిండ డీఎన్‌ఏ’ అని ఉన్నా, బిడ్డ శరీర కణాల నుంచి వచ్చేది చాలా స్వల్పం.

తల్లి తునకలు సుమారు 166 అక్షరాల పొడవుంటాయి. మాయ తునకలు కొంచెం పొట్టివి, ఎక్కువగా 143 అక్షరాల దగ్గర ఉంటాయి. ప్రసవమయ్యాక మాయ తునకలు గంటల వ్యవధిలోనే రక్తం నుంచి మాయమవుతాయి. అందుకే గతంలో వచ్చిన గర్భాల డీఎన్‌ఏ ఇప్పటి పరీక్షను పాడుచేయదు.

మొత్తం తునకల్లో మాయ వాటా ఎంత అన్నది ఈ పరీక్షకు ప్రాణం. దీన్ని పిండ డీఎన్‌ఏ శాతం అంటారు. 10 నుంచి 20 వారాల మధ్య ఇది సగటున 10 శాతం ఉంటుంది. కానీ ఒక్కో గర్భిణిలో చాలా తేడా కనిపిస్తుంది. తల్లి బరువు ఎక్కువైతే ఆమె సొంత తునకలు పెరిగి, రక్తం పరిమాణమూ పెరిగి, మాయ వాటా తగ్గుతుంది. పదో వారం నిండకముందే రక్తం తీస్తే చాలామందిలో ఆ వాటా చాలినంత ఉండదు.

లెక్కింపు ఎలా జరుగుతుంది

పని రక్తం తీసే గొట్టంతోనే మొదలవుతుంది. మామూలు గొట్టంలో రక్తం గంటల తరబడి ఉంటే తెల్ల రక్తకణాలు పగిలి, తల్లి డీఎన్‌ఏ ఒక్కసారిగా పెరుగుతుంది. దాంతో మాయ వాటా పలచబడుతుంది. కణాలు పగలకుండా కాపాడే రసాయనం ఉన్న ప్రత్యేక గొట్టాల్లో తీస్తే నమూనా కొన్ని రోజులు నిలుస్తుంది. ఊళ్లో తీసిన రక్తం దూరపు లేబొరేటరీకి కొరియర్‌లో వెళ్లగలుగుతోందంటే దాని వల్లే. లేబొరేటరీలో నమూనాను రెండుసార్లు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి కణాలన్నీ తీసేస్తారు. మిగిలిన రక్తద్రవం నుంచి డీఎన్‌ఏను వేరుచేసి, సీక్వెన్సింగ్ యంత్రంలో లక్షలాది తునకలను చదువుతారు. ఒక్కో తునకలో పాతిక, ముప్పై అక్షరాలు చదివితే చాలు, అది ఏ క్రోమోజోములో ఏ చోటిదో కంప్యూటర్ గుర్తిస్తుంది. ఆ తర్వాత ఏ క్రోమోజోము నుంచి ఎన్ని తునకలు వచ్చాయో లెక్క తేలుతుంది.

ఈ లెక్కను ఉజ్జాయింపు అంకెలతో చూద్దాం. ఒక నమూనాలో కోటి తునకలు చదివారనుకుందాం. 21వ క్రోమోజోము చిన్నది కాబట్టి మామూలు గర్భంలో దాని వాటా 1.3 శాతం, అంటే 1,30,000 తునకలు. ఇప్పుడు పిండ డీఎన్‌ఏ 10 శాతమున్న మరో గర్భంలో మాయకు 21వ క్రోమోజోము మూడుందనుకుందాం. తల్లి నుంచి వచ్చే 90 శాతంలో మార్పేమీ లేదు. మాయ నుంచి వచ్చే 10 శాతంలో 21వ క్రోమోజోము తునకలు ఒకటిన్నర రెట్లు అవుతాయి. మొత్తం మీద పెరుగుదల 5 శాతం. లెక్క 1,36,500 దగ్గర ఆగుతుంది. తేడా 6,500 తునకలు.

ఇంత తేడా ట్రైసోమీ వల్లే వచ్చిందా, మామూలు ఊగిసలాటా అని తేల్చాలి. ట్రైసోమీ లేని గర్భాల నమూనాలను లెక్కించినా ప్రతిసారీ ఒకే అంకె రాదు. ఆ ఊగిసలాట 650 తునకల మేర ఉంటుందనుకుందాం. సగటు కంటే ఎన్ని ఊగిసలాటల ఎత్తులో ఈ నమూనా ఉందో చెప్పే అంకెను జెడ్ స్కోరు అంటారు. పై ఉదాహరణలో అది 10. చాలా లేబొరేటరీలు 3 దాటితే అనుమానిస్తాయి కాబట్టి ఇది స్పష్టమైన పాజిటివ్.

అదే ట్రైసోమీ గర్భంలో పిండ డీఎన్‌ఏ 4 శాతమే ఉంటే తేడా 2,600 తునకలకు, జెడ్ స్కోరు 4కు తగ్గుతుంది. ఇంకా పట్టుబడుతుంది. 2 శాతమైతే తేడా 1,300, స్కోరు 2. అంటే బిడ్డకు ట్రైసోమీ ఉన్నా ఫలితం మామూలుగానే కనిపిస్తుంది. పిండ డీఎన్‌ఏ కనీసం 4 శాతం ఉండాలని చాలా లేబొరేటరీలు పట్టుబట్టడానికి కారణం ఇదే. కొన్ని లేబొరేటరీలు జీనోమ్ మొత్తాన్ని కాకుండా ఎంచుకున్న చోట్లనే చదువుతాయి. మరికొన్ని తల్లికీ బిడ్డకీ తేడా ఉండే అక్షరాల నిష్పత్తిని చూస్తాయి. దారి ఏదైనా, చివరకు కొలిచేది మిశ్రమంలో ఒక క్రోమోజోము వాటా పెరిగిందా లేదా అన్నదే.

ఫలితం రాకపోతే

నూటికి కొందరిలో ఫలితమే రాదు. చాలా సార్లు పిండ డీఎన్‌ఏ తక్కువ ఉండటం కారణం. దాన్ని నెగెటివ్‌గా తీసుకోకూడదు. 18, 13 ట్రైసోమీలలోనూ, క్రోమోజోములన్నీ మూడేసి ఉండే ట్రిప్లాయిడీలోనూ మాయ చిన్నదిగా ఉండి తక్కువ డీఎన్‌ఏ వదులుతుంది. అందుకే ఫలితం రాని వాళ్లలో ఈ స్థితుల అవకాశం సగటు కంటే ఎక్కువ. అలాంటప్పుడు వివరంగా స్కాన్ చేసి, రక్తం మళ్లీ తీయడమా, నేరుగా నిర్ధారణ పరీక్షకు వెళ్లడమా అన్నది డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి.

పాజిటివ్ అంటే ఎంత ఖాయం

ఈ పరీక్ష ‘99 శాతం కచ్చితం’ అనే మాట ప్రచారంలో ఉంది. ట్రైసోమీ 21 ఉన్న గర్భాలు వందకు 99కి పైగా పట్టుబడతాయన్న అర్థంలో ఆ మాట నిజం. అయితే పాజిటివ్ కాగితం చేతికొచ్చిన తల్లి అడిగేది ఆ ప్రశ్న కాదు. పాజిటివ్ వచ్చిన వంద మందిలో ఎంతమంది బిడ్డలకు నిజంగా ట్రైసోమీ ఉంటుందన్నది ఆమె ప్రశ్న. దీనికి జవాబు పరీక్ష గొప్పతనం మీదే కాకుండా, ఆ ట్రైసోమీ ఎంత అరుదన్న దాని మీద కూడా ఆధారపడుతుంది.

అనేక పరిశోధనలను కలిపి 2017లో వెలువడిన ఒక విశ్లేషణ ప్రకారం ట్రైసోమీ 21 ఉన్న గర్భాలలో 99.7 శాతం పట్టుబడతాయి. లేనివాటిలో 0.04 శాతానికి పొరపాటున పాజిటివ్ వస్తుంది. అంటే పది వేల మందిలో నలుగురికి. ఈ అంకెలనే లక్ష మంది గర్భిణులకు అన్వయించి చూద్దాం.

పాతికేళ్ల తల్లులలో 12వ వారం నాటికి ట్రైసోమీ 21 ఉజ్జాయింపున వెయ్యికి ఒకరిలో ఉంటుంది. అంటే లక్షలో 100 మంది. దాదాపు అందరూ పట్టుబడతారు. మిగిలిన 99,900 మందిలో 0.04 శాతం, అంటే సుమారు 40 మందికి తప్పుడు పాజిటివ్ వస్తుంది. మొత్తం పాజిటివ్‌లు 140, నిజమైనవి 100. పాజిటివ్ వచ్చిన పాతికేళ్ల తల్లికి అది నిజమయ్యే అవకాశం 71 శాతం.

నలభై ఏళ్ల తల్లులలో ట్రైసోమీ 21 సుమారు 70 మందిలో ఒకరికి ఉంటుంది. లక్షలో 1,430 మంది. తప్పుడు పాజిటివ్‌లు అప్పుడూ 40 లోపే. కాబట్టి పాజిటివ్ నిజమయ్యే అవకాశం 97 శాతం.

పాతికేళ్ల తల్లికే ట్రైసోమీ 13 పాజిటివ్ వస్తే కథ తిరగబడుతుంది. ఆ వయసులో అది సుమారు 8,000 మందిలో ఒకరికి, అంటే లక్షలో 12, 13 మందికి ఉంటుంది. తప్పుడు పాజిటివ్‌ల రేటు ఇక్కడా 0.04 శాతమే, అంటే 40 మంది. పాజిటివ్ వచ్చిన యాభై మంది పైచిలుకులో నిజమైనవి నాలుగో వంతు మాత్రమే. పరీక్ష అదే, పొరపాటు రేటు అదే. వెతుకుతున్నది అరుదైనకొద్దీ పాజిటివ్ మీద నమ్మకం పడిపోతుంది. క్రోమోజోముల్లో చిన్న ముక్కలు లోపించే మైక్రోడిలీషన్లను కూడా చేర్చిన ప్యాకేజీలలో ఈ సమస్య ఇంకా తీవ్రం. అలాంటి ఫలితాలను నిర్ధారణగా భావించవద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2022 ఏప్రిల్‌లో హెచ్చరిక జారీచేసింది.

ఇంత చెప్పినా పాత పరీక్షలతో పోలిస్తే ఇది చాలా ముందుంది. 2015లో వెలువడిన నెక్స్ట్ అధ్యయనంలో 15,841 మంది గర్భిణులకు రెండు పద్ధతులూ చేశారు. వారిలో 38 మంది బిడ్డలకు ట్రైసోమీ 21 ఉంది. ఎన్‌టీ స్కాన్, డబుల్ మార్కర్ కలిపి చేసే మామూలు స్క్రీనింగ్ 30 మందిని పట్టి, 854 మందిని అనవసరంగా అనుమానించింది. డీఎన్‌ఏ పరీక్ష 38 మందినీ పట్టి, తొమ్మిది మందినే తప్పుగా అనుమానించింది. ఆ తొమ్మిది మందిలో ఎవరైనా నిర్ధారణ లేకుండా నిర్ణయం తీసుకుని ఉంటే, మామూలు బిడ్డను కోల్పోయి ఉండేవారు.

నెగెటివ్ ఫలితం మాత్రం చాలా నమ్మదగినది. పాతికేళ్ల తల్లి విషయంలో అది తప్పయ్యే అవకాశం పది లక్షలకు మూడు మాత్రమే. అయితే ఈ మాట వెతికిన ట్రైసోమీలకే వర్తిస్తుంది. గుండె లోపాలు, వెన్నెముక లోపాలు, తలసేమియా లాంటి జన్యువ్యాధులు ఈ పరీక్ష పరిధిలోకి రావు. నెగెటివ్ వచ్చినా అయిదో నెల స్కాన్ మానకూడదు.

తప్పుడు పాజిటివ్ ఎందుకు వస్తుంది

పై లెక్కలోని ఆ 40 మందిలో చాలామంది విషయంలో యంత్రం తప్పు చదవదు. రక్తంలో ఆ క్రోమోజోము తునకలు నిజంగానే ఎక్కువ ఉంటాయి. అవి బిడ్డవి కాకపోవడమే అసలు సంగతి.

అన్నింటికంటే ముఖ్యమైన కారణం మాయకు పరిమితమైన మొజాయిసిజం. ఫలదీకరణం తర్వాత అయిదారు రోజులకు పిండం రెండు భాగాలుగా ఏర్పడుతుంది. బయటి పొర కణాలు మాయ అవుతాయి, లోపలి కొద్ది కణాల గుంపు బిడ్డ అవుతుంది. ఆ తొలి విభజనల్లో ఒక కణం పొరపాటున మూడు క్రోమోజోములు పొంది, దాని సంతతి బయటి పొరకే చేరితే, మాయలో ట్రైసోమీ ఉంటుంది, బిడ్డలో ఉండదు. దీనికి తిరగబడ్డ క్రమం కూడా ఉంది. మొదట పిండమంతా ట్రైసోమీతో మొదలై, లోపలి కణాలు అదనపు క్రోమోజోమును పోగొట్టుకుని మామూలవుతాయి, మాయ కణాలు అలాగే మిగిలిపోతాయి. మాయ కణాల పరీక్షల్లో నూటికి ఒకటి రెండింటిలో ఇలా రెండు రకాల కణాలు కనిపిస్తాయి. ట్రైసోమీ 13లో ఇది ఎక్కువ.

రెండో కారణం తొలి వారాల్లోనే ఎదుగుదల ఆగిపోయిన కవల. కవలల్లో ఒక పిండం ట్రైసోమీ వల్ల చనిపోయినా దాని మాయ కణాలు కొన్ని వారాల పాటు డీఎన్‌ఏ వదులుతూనే ఉంటాయి. ఆ సంకేతం బతికి ఉన్న బిడ్డ ఖాతాలో పడుతుంది. తొలి స్కాన్‌లో రెండో గర్భసంచి కనిపించిందా అని చూడటం అందుకే అవసరం.

మూడో కారణం తల్లి. ఆమె కణాల్లో కొన్నింటికి క్రోమోజోము తేడా ఉండవచ్చు, లేదా ఒక క్రోమోజోములో ఒక ముక్క రెట్టింపై ఉండవచ్చు. తునకల్లో తొంభై శాతం ఆమెవే కాబట్టి చిన్న తేడా కూడా లెక్కను పైకి నెట్టగలదు. అరుదుగా తల్లిలో బయటపడని కేన్సర్ కారణమవుతుంది. కణితి కణాల్లో అనేక క్రోమోజోములు అస్తవ్యస్తంగా ఉంటాయి. అందువల్ల ఒకేసారి పలు క్రోమోజోములు పెరిగీ తరిగీ కనిపిస్తే వైద్యులు ఈ దిశలోనూ ఆలోచిస్తారు. అమెరికాలో ఇలాంటి అసాధారణ ఫలితాలు వచ్చిన 107 మంది గర్భిణులను, బాలింతలను పరీక్షించగా 52 మందిలో కేన్సర్ బయటపడిందని 2024లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. ఒక్క ట్రైసోమీ 21 మాత్రమే పాజిటివ్ వచ్చిన తల్లికి ఈ అంకె వర్తించదు.

ఇవేవీ కాకుండా, లక్షల పరీక్షల్లో కొన్నిసార్లు మామూలు ఊగిసలాటే గీత దాటుతుంది. రక్తం మళ్లీ తీసి అదే పరీక్ష మరోసారి చేయడం నిర్ధారణ కాదు. మాయలోనో తల్లిలోనో కారణం ఉంటే రెండోసారీ అదే పాజిటివ్ వస్తుంది.

నిర్ధారణ ఎలా చేస్తారు

నిర్ధారణకు రెండు మార్గాలున్నాయి. 11 నుంచి 14 వారాల మధ్య స్కాన్ చూస్తూ సన్నని సూదితో మాయ నుంచి చిన్న తునక తీసే పరీక్షను సీవీఎస్ అంటారు. 15 వారాలు నిండాక సూదితో 15 నుంచి 20 మిల్లీలీటర్ల ఉమ్మనీరు తీసే పరీక్ష ఆమ్నియోసెంటిసిస్. ఉమ్మనీటిలో బిడ్డ చర్మం, మూత్రనాళాల నుంచి రాలిన కణాలుంటాయి. అనుభవజ్ఞుల చేతిలో ఈ పరీక్షల వల్ల గర్భం పోయే ముప్పు వెయ్యికి ఒకటి నుంచి మూడు మధ్య ఉంటుందని ఇటీవలి విశ్లేషణలు చెబుతున్నాయి. తల్లి రక్తం నెగెటివ్ గ్రూపు అయితే సూది తర్వాత యాంటీ-డీ ఇంజక్షన్ ఇస్తారు.

తీసిన కణాలపై క్యూఎఫ్-పీసీఆర్ లేదా ఫిష్ పరీక్ష చేస్తే రెండు మూడు రోజుల్లో ఆ క్రోమోజోము రెండుందా, మూడుందా తెలుస్తుంది. కణాలను పెంచి క్రోమోజోములను మైక్రోస్కోపు కింద చూసే కారియోటైప్‌కు సుమారు రెండు వారాలు పడుతుంది. అంతసేపు ఆగడం వల్ల ప్రయోజనం ఉంది. డౌన్ సిండ్రోమ్‌లో నూటికి మూడు నాలుగు కేసుల్లో అదనపు 21వ క్రోమోజోము విడిగా ఉండకుండా మరో క్రోమోజోముకు అతుక్కుని ఉంటుంది. అలాంటి అతుకు తల్లిదండ్రుల్లో ఎవరికైనా ఉంటే తర్వాతి గర్భంలోనూ మళ్లీ రావచ్చు. తునకల లెక్క అదనంగా ఉన్నదని చెప్పగలదు గానీ, ఎక్కడ అతుక్కుని ఉందో చెప్పలేదు. కారియోటైప్ ఒక్కటే దాన్ని చూపిస్తుంది.

సీవీఎస్, ఆమ్నియోలలో ఏది అన్నది స్కాన్ చూసి నిర్ణయిస్తారు. ఒక ఊహాజనిత కేసు తీసుకుందాం. 26 ఏళ్ల గర్భిణికి 11వ వారంలో రక్తం తీశారు. పిండ డీఎన్‌ఏ 8 శాతం, ట్రైసోమీ 13 పాజిటివ్. 12వ వారం స్కాన్‌లో బిడ్డ మెడ వెనుక నీటి మందం మామూలుగా ఉంది, తల, ముఖం, గుండె సజావుగా ఉన్నాయి. నిజమైన ట్రైసోమీ 13 గర్భాల్లో ఎక్కువగా ఏదో ఒక లోపం ఈపాటికే కనిపిస్తుంది. కాబట్టి మాయకు పరిమితమైన మొజాయిసిజం అని అనుమానించాలి. ఇప్పుడు సీవీఎస్ చేస్తే పరీక్షించేది మళ్లీ మాయనే. మాయ పైపొర కణాలను నేరుగా చూస్తే ట్రైసోమీ కనిపించవచ్చు. ఎన్‌ఐపీటీ చూసిందీ ఆ పొరనే కాబట్టి అది కొత్త సాక్ష్యమేమీ కాదు. లోపలి పొర కణాలను పెంచి చూస్తే మామూలుగా రావచ్చు. రెండూ కలగలిసి వస్తే చివరకు ఉమ్మనీటి పరీక్ష ఎలాగూ తప్పదు. అందుకే ఇలాంటి చోట 16వ వారం దాకా ఆగి నేరుగా ఆమ్నియో చేస్తారు. ఈ కేసులో ఉమ్మనీటి కణాలన్నీ మామూలుగా 46 క్రోమోజోములతో వస్తే బిడ్డకు ట్రైసోమీ 13 లేదని తేలినట్టే. మాయలో తేడా ఉండే అవకాశం ఉన్నందున, బిడ్డ ఎదుగుదలను ఆఖరి నెలల్లో స్కాన్‌లతో గమనిస్తారు.

ఇందుకు భిన్నంగా, 40 ఏళ్ల తల్లికి ట్రైసోమీ 21 పాజిటివ్ వచ్చి, స్కాన్‌లో మెడ వెనుక నీరు ఎక్కువగానూ, గుండెలో లోపమూ కనిపిస్తే 12వ వారంలోనే సీవీఎస్ చేయడం సబబు. అక్కడ మాయా బిడ్డా ఒకే మాట చెప్పే అవకాశం చాలా ఎక్కువ.

భారతదేశంలో

మన దేశంలో ఈ పరీక్ష ఎక్కువగా ప్రైవేటు లేబొరేటరీల ద్వారానే జరుగుతోంది. ఖర్చు గర్భిణి కుటుంబమే పెట్టుకోవాలి. అందుకని చాలామందికి ముందు ఎన్‌టీ స్కాన్, డబుల్ మార్కర్ చేసి, ముప్పు మధ్యస్థంగా తేలినవారికి ఎన్‌ఐపీటీ సూచిస్తారు. డబుల్ మార్కర్‌లో ముప్పు బాగా ఎక్కువ వచ్చినా, స్కాన్‌లో లోపం కనిపించినా ఎన్‌ఐపీటీతో వారాలు గడపకుండా నేరుగా నిర్ధారణ పరీక్షకు వెళ్లడమే మేలు. తునకల లెక్కలో వై క్రోమోజోము కూడా బయటపడుతుంది గనుక, లింగ నిర్ధారణను నిషేధించే 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం ఇక్కడ వర్తిస్తుంది. ఆడ, మగ అన్న సమాచారాన్ని రిపోర్టులో ఇవ్వడం నేరం. సీవీఎస్, ఆమ్నియో కూడా ఆ చట్టం కింద నమోదైన కేంద్రాల్లోనే, గర్భిణి లిఖిత అంగీకారంతో చేయాలి. హైదరాబాద్ నిమ్స్‌లో జన్యు వైద్యానికి ప్రత్యేక విభాగం ఉంది.

వారాల లెక్క ఇక్కడ ముఖ్యం. 2021లో సవరించిన గర్భవిచ్ఛిత్తి చట్టం ప్రకారం 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయంతో, నిర్దేశించిన వర్గాలకు 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో గర్భాన్ని తొలగించవచ్చు. ఆ పైన బిడ్డకు తీవ్రమైన లోపం ఉంటే మెడికల్ బోర్డు నిర్ణయిస్తుంది. పదకొండో వారంలో రక్తమిస్తే ఒకటి రెండు వారాల్లో ఫలితం వస్తుంది. 16వ వారంలో ఉమ్మనీరు తీస్తే 18వ వారానికి కారియోటైప్ చేతికొస్తుంది. అంటే నిర్ధారణకు సమయం సరిపోతుంది. పాజిటివ్ రాగానే భయంతో గర్భం తీయించుకోవాల్సిన తొందర ఉండదు. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం ఈ పరీక్షను వయసుతో నిమిత్తం లేకుండా గర్భిణులందరికీ అందుబాటులో ఉంచాలని 2020లో సిఫారసు చేసింది. అయితే గర్భం కొనసాగించాలా, వద్దా అన్నది ఈ ఒక్క ఫలితం మీద నిర్ణయించరాదని ఆ సంఘమే స్పష్టంగా చెప్పింది. నిర్ధారణ తర్వాత ట్రైసోమీ నిజమని తేలినా, గర్భం కొనసాగించే తల్లికి అది పనికొస్తుంది. గుండె పరీక్షలు ముందుగా చేయించుకుని, పసిపిల్లల వైద్యులున్న ఆసుపత్రిలో ప్రసవానికి ఏర్పాటు చేసుకోవచ్చు.